పిల్లల బ్రేసెస్ ఖర్చు: ఇన్సూరెన్స్ పరిమితిని, వాయిదాలను కలిపి ముందుగా లెక్క వేసుకోవడం ఎలా

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలలో పిల్లలకు పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి బ్రేసెస్ ప్రస్తావన రావడం మామూలే. ఆర్థోడాంటిస్ట్ పరీక్ష ముగించాక, క్లినిక్‌లో డబ్బు వ్యవహారాలు చూసే ఉద్యోగి మనల్ని పక్క గదిలో కూర్చోబెట్టి ఒక కాగితం ముందు పెడతారు. పైన మొత్తం ఫీజు, మధ్యలో ఇన్సూరెన్స్ ఇస్తుందని వారు అంచనా వేసిన మొత్తం, అడుగున మనం కట్టవలసిన డౌన్ పేమెంట్, నెలవారీ వాయిదా ఉంటాయి. ఆ మధ్య వరుసలోని అంకెను చాలామంది వచ్చేసిన డబ్బుగానే లెక్క వేసుకుంటారు. నిజానికి అది ఒక్కసారిగా వచ్చేది కాదు. బ్రేసెస్ పెట్టిన రోజున కొంత, మిగతాది చికిత్స సాగినన్ని నెలలూ కొద్దికొద్దిగా వస్తుంది, అది కూడా మీ బిడ్డ ఆ ప్లాన్‌లో కొనసాగినంత కాలమే.

మా పెద్దబ్బాయి చికిత్స మొదలైన పదో నెలలో నేను ఉద్యోగం మారాను. పాత కంపెనీ డెంటల్ ప్లాన్ ఆ నెలాఖరుతో ఆగిపోయింది. మూడు నెలల తరువాత క్లినిక్ నుంచి 656 డాలర్ల 25 సెంట్లకు బిల్లు వచ్చింది. వారి లెక్కలో తప్పేమీ లేదు. ఇన్సూరెన్స్ చెల్లించని భాగం తల్లిదండ్రులదేనని నేను సంతకం చేసిన ఒప్పందంలోనే ఉంది. 1,500 డాలర్ల పరిమితిలో మొదట 375, ఆపై పది నెలలకు నెలకు సుమారు 47 చొప్పున మాత్రమే వచ్చాయి, మిగిలినది నా మీద పడింది. అందుకే ఈ ఖర్చును మొత్తంగా కాకుండా నెలల వారీగా చూడమని చెబుతున్నాను.

ముందుగా ప్లాన్ పత్రం చదవండి

క్లినిక్‌లో సంతకం పెట్టడానికి ముందు మీ డెంటల్ ప్లాన్ పూర్తి పత్రాన్ని ఇన్సూరెన్స్ వెబ్‌సైటు నుంచి దించుకుని, ఆర్థోడాంటియా అన్న భాగాన్ని వెతకండి. ఒక పేజీ సారాంశంతో సరిపెట్టుకోవద్దు, ఎందుకంటే మనకు కావలసిన షరతులు అందులో ఉండవు.

అక్కడ మొదట చూడవలసినది జీవితకాల పరిమితి. ఫిల్లింగులు, క్రౌన్లు, పళ్లు తీయించడం వంటి వాటికి వార్షిక పరిమితి ఉంటుంది, అది ప్రతి ప్లాన్ సంవత్సరం మొదట్లో మళ్లీ కొత్తగా మొదలవుతుంది. ఆర్థోడాంటియాకు చాలా ప్లాన్లలో విడిగా జీవితకాల పరిమితి ఉంటుంది, అది జనవరి వచ్చినా మళ్లీ నిండదు. చాలా ప్లాన్లు ఫీజులో 50 శాతం ఇస్తామని చెబుతాయి, కాని ఆ 50 శాతం ఈ పరిమితి దాటి పోదు. 5,400 డాలర్ల ఫీజులో సగం 2,700 అయినా, పరిమితి 2,000 అయితే వచ్చేది 2,000 మాత్రమే.

ఈ పరిమితి విషయంలో తల్లిదండ్రులు ఎక్కువగా దెబ్బతినేది రెండు దశల చికిత్సలో. ఎనిమిది, తొమ్మిదేళ్ల వయసులో అంగిలిని వెడల్పు చేసే ఎక్స్‌పాండర్ వంటి మొదటి దశ చికిత్స చేయించి, దానికి ప్లాన్ నుంచి 1,200 డాలర్లు తీసుకుని ఉంటే, పదమూడేళ్లకు పూర్తి బ్రేసెస్ పెట్టేటప్పుడు 2,000లో 800 మాత్రమే మిగులుతాయి. కాబట్టి మొదటి దశకు ఒప్పుకునే ముందే, రెండో దశ కూడా తప్పదా, రెండిటికీ కలిపి ఫీజు ఎంత, మొదటి దశలో కట్టినది రెండో దశ ఫీజులో తగ్గిస్తారా అని డాక్టరును సూటిగా అడగండి.

తరువాత వయోపరిమితిని చూడండి. చాలా ప్లాన్లు 19 ఏళ్లలోపు పిల్లలకే ఆర్థోడాంటియా ఇస్తాయి, పెద్దలకు ఇచ్చే ప్లాన్లు తక్కువ. కొన్నిటిలో చేరిన నాటి నుంచి 12 నెలలు ఆగాలన్న షరతు కూడా ఉంటుంది. అలాంటి ప్లాన్‌లో గడువు పూర్తి కాకముందే బ్రేసెస్ పెట్టిస్తే క్లెయిమ్ మొత్తం తిరస్కరించే అవకాశం ఉంది, కాబట్టి నెల రోజుల తేడా అయితే డాక్టరును అడిగి ఆగడమే మంచిది.

చివరగా, డబ్బు ఎలా చెల్లిస్తారో రాసిన వాక్యాన్ని పట్టుకోండి. మొదటి చెల్లింపు పరిమితిలో ఎంత శాతం, మిగతాది నెలకా, మూడు నెలలకా, దాని కోసం క్లినిక్ ప్రతిసారీ కొత్తగా క్లెయిమ్ పంపాలా లేక అదే వస్తూ ఉంటుందా అన్నవి ప్లాన్‌ను బట్టి మారతాయి. పత్రంలో స్పష్టంగా లేకపోతే ఫోన్ చేసి అడిగి, మాట్లాడిన తేదీని, కాల్ రిఫరెన్స్ నంబరును రాసి పెట్టుకోండి.

రాతపూర్వక అంచనా తెప్పించుకోండి

బ్రేసెస్ పెట్టకముందే ఇన్సూరెన్స్‌కు ముందస్తు అంచనా కోసం పంపమని క్లినిక్‌ను అడగండి. టీనేజీ పిల్లల పూర్తి చికిత్సకు సాధారణంగా D8080 అన్న కోడ్ వాడతారు, మధ్యమధ్యలో చూపించుకునే విజిట్లకు D8670 అన్న కోడ్ ఉంటుంది. ఈ రెండూ తెలిసి ఉంటే తరువాత వచ్చే కాగితాలు చదవడం సులువవుతుంది. ముందస్తు అంచనా హామీ పత్రం కాదు. అది రాసిన రోజున మీ బిడ్డ అర్హత ఎంత, పరిమితిలో ఎంత మిగిలి ఉంది అన్నది మాత్రమే అందులో తెలుస్తుంది. అయినా క్లినిక్ అంచనాకూ ఇన్సూరెన్స్ లెక్కకూ తేడా ఉంటే సంతకానికి ముందే బయటపడుతుంది.

క్లినిక్ నెట్‌వర్క్‌లో ఉంటే, కాగితం మీద పెట్టవలసినది వారి మామూలు ఫీజు కాదు, ఇన్సూరెన్స్‌తో కుదుర్చుకున్న ఫీజు. ఆ ఫీజులో ఏమేమి కలిసి ఉన్నాయో కూడా అడగాలి. మొదటి ఎక్స్‌రేలు, ఊడిపోయిన బ్రాకెట్ తిరిగి అతికించడం, చివర్లో పళ్లు మళ్లీ కదలకుండా ఇచ్చే రిటెయినర్లు, చికిత్స అనుకున్న గడువు దాటితే అదనపు నెలలు ఇందులోనే వస్తాయా, విడిగా కట్టాలా అన్నది ఒప్పందంలో రాసి ఉండాలి. పిల్లలు రిటెయినర్‌ను భోజనం ట్రేలో మరిచిపోయి చెత్తబుట్టలో పారేయడం ప్రతి స్కూల్లో జరిగేదే, పోయినదాని బదులు కొత్తది చేయించడానికి సాధారణంగా మన జేబులోంచే పెట్టుకోవాలి.

ఒక కుటుంబం లెక్క

డాలస్ దగ్గర ఉండే ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. పాపకు పదమూడేళ్లు. క్లినిక్ మామూలు ఫీజు 6,200 డాలర్లు, నెట్‌వర్క్ ఫీజు 5,400. చికిత్స 24 నెలలు. తండ్రి కంపెనీ ప్లాన్ 50 శాతం, జీవితకాల పరిమితి 2,000 డాలర్లు ఇస్తుంది. అంటే కుటుంబం కట్టవలసినది 3,400. దీన్ని క్లినిక్ 640 డౌన్ పేమెంటుగా, మిగిలిన 2,760ని నెలకు 115 చొప్పున 24 వాయిదాలుగా విడగొట్టింది.

ఇన్సూరెన్స్ వైపు లెక్క వేరు. ఆ ప్లాన్ బ్రేసెస్ పెట్టిన రోజుకు పరిమితిలో 25 శాతం, అంటే 500 డాలర్లు ఇస్తుంది. మిగిలిన 1,500ని 24 నెలలకు పంచితే నెలకు 62 డాలర్ల 50 సెంట్లు. ఇప్పుడు ఒక కాగితం తీసుకుని 24 వరుసలు గీసి, ఒక్కో వరుసలో ఆ నెల మీరు కట్టే 115, ఇన్సూరెన్స్ కట్టవలసిన 62.50, అప్పటికి ఇన్సూరెన్స్ నుంచి రావలసి మిగిలి ఉన్న మొత్తం రాయండి. మూడో గడిలోని అంకె చాలా ముఖ్యం, ఎందుకంటే ఏ నెలలో ప్లాన్ పోతే మీ మీద ఎంత పడుతుందో అది చెబుతుంది. ఆరో నెల చివర అది 1,125, పదో నెల చివర 875, పద్దెనిమిదో నెల చివర 375. ఉద్యోగం మారే ఆలోచన ఉన్నవారు, వీసా మీద ఉండి కంపెనీ పరిస్థితి గురించి దిగులు ఉన్నవారు అంత మొత్తాన్ని పక్కన పెట్టి ఉంచుకోవడం మేలు.

పన్ను లేని ఖాతాను వాయిదాలకు సరిపెట్టుకోండి

వైద్య ఖర్చుల కోసం పన్ను పడకముందే జీతంలోంచి డబ్బు పక్కన పెట్టే హెల్త్ ఎఫ్‌ఎస్‌ఏ ఖాతాను కంపెనీ ఇస్తుంటే ఈ 3,400ను పన్ను పడని జీతంలోంచి కట్టవచ్చు. 2025లో ఒక ఉద్యోగి అందులో పెట్టగల గరిష్ఠ మొత్తం 3,300 డాలర్లు, 2026లో 3,400. శరదృతువులో వచ్చే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్‌లోనే తరువాతి ఏడాదికి అంకె చెప్పాలి కాబట్టి, ఆర్థోడాంటిస్ట్‌తో మొదటి సంప్రదింపును సెప్టెంబరు, అక్టోబరులోనే పెట్టుకోవడం నా సలహా. జనవరిలో బ్రేసెస్ పెట్టించి, నెలాఖరున వాయిదా కడుతూ పోతే, మొదటి సంవత్సరం 640, పన్నెండు వాయిదాల 1,380 కలిపి 2,020, రెండో సంవత్సరం 1,380 అవుతుంది. ఎన్‌రోల్‌మెంట్‌లో ఆయా సంవత్సరాలకు ఈ అంకెలే, మిగతా కుటుంబానికి కళ్లద్దాలు, మందుల ఖర్చు ఏదైనా తప్పక ఉంటే అది కలిపి, రాయవచ్చు. ఏడాది చివర మిగిలిన డబ్బు చాలా వరకు పోతుంది కాబట్టి ఊరికే గరిష్ఠం పెట్టవద్దు. ఫెడరల్ పన్ను 22 శాతం శ్లాబులో ఉన్నవారికి, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ 7.65 శాతం కూడా కలిపితే, 3,400 మీద సుమారు వెయ్యి డాలర్లు మిగులుతుంది.

మామూలు వైద్యానికి చికిత్స జరిగిన తరువాతే ఎఫ్‌ఎస్‌ఏ డబ్బు ఇస్తుంది. బ్రేసెస్‌కు మాత్రం ముందుగా కట్టిన మొత్తాన్ని కట్టిన రోజునే చెల్లింపుకు అర్హంగా పరిగణించడానికి నిబంధనలు వీలిస్తాయి. మీ ప్లాన్ ఆ పద్ధతి పాటిస్తుందో లేదో కనుక్కోండి, కొన్ని నెలవారీ షెడ్యూలు ప్రకారమే ఇస్తాయి. బిల్లుగా పాత బకాయి అని మాత్రమే ఉన్న కాగితం పంపితే తిరస్కరిస్తారు. సేవ పేరు, తేదీ, పేషెంటు పేరు, మొత్తం ఉన్న రసీదుతో పాటు సంతకం చేసిన ఒప్పందం నకలు కూడా పంపితే పని సాఫీగా జరుగుతుంది.

మొత్తం ఒక్కసారే కడితే కొన్ని క్లినిక్‌లు కొంత తగ్గిస్తాయి. ఆ తగ్గింపు ఎంతో అడగండి, కాని కట్టే ముందు, మధ్యలో వేరే రాష్ట్రానికి వెళ్లవలసి వస్తే చేయని చికిత్సకు డబ్బు ఏ లెక్కన తిరిగి ఇస్తారో ఒప్పందంలో రాయించుకోండి. ఎఫ్‌ఎస్‌ఏలో సంవత్సరానికి రాసిన మొత్తం మొదటి రోజునుంచే వాడుకోవచ్చు. జనవరిలో వాడేసి ఏప్రిల్‌లో ఉద్యోగం వదిలినా, జీతంలోంచి ఇంకా కోత పడని భాగాన్ని కంపెనీ తిరిగి అడగకూడదు. దీనికి రెండో వైపు కూడా ఉంది, వాడకుండా ఉంచి వెళ్లిపోతే ఆ డబ్బు మీకు సాధారణంగా రాదు. హెచ్‌ఎస్‌ఏ అనే ఆరోగ్య పొదుపు ఖాతా ఉన్నవారికి మామూలు ఎఫ్‌ఎస్‌ఏ కుదరదు, పళ్లకు, కళ్లకు మాత్రమే వాడే పరిమిత ఎఫ్‌ఎస్‌ఏ మాత్రం కుదురుతుంది.

ఇద్దరికీ ప్లాన్ ఉంటే

భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు ఉండి పాప రెండు ప్లాన్లలోనూ ఉంటే, ఏది మొదటిది అన్నది మనం ఎంచుకునేది కాదు. కలిసి ఉంటున్న తల్లిదండ్రులలో ఎవరి పుట్టినరోజు సంవత్సరంలో ముందు వస్తే వారి ప్లాన్ మొదటిది. నెల, తేదీ మాత్రమే చూస్తారు, ఎవరు పెద్దవారన్నది లెక్కలోకి రాదు. తల్లి పుట్టినరోజు మార్చి 3, తండ్రిది సెప్టెంబరు 14 అయితే తల్లి ప్లాన్ ముందు చెల్లిస్తుంది. రెండో ప్లాన్ మామూలు పద్ధతిలో కలిపి ఇచ్చేదైతే, రెండు పరిమితులూ కలిసి ఫీజులో పెద్ద భాగం తీరుతుంది. అయితే కొన్ని ప్లాన్లలో, మొదటి ప్లాన్ ఇచ్చినది తాము ఇవ్వవలసినదానికి సమానంగా ఉంటే తాము ఏమీ ఇవ్వమన్న నిబంధన ఉంటుంది. రెండూ 50 శాతం ప్లాన్లయితే రెండోది ఒక్క డాలరు కూడా ఇవ్వకపోవచ్చు. బ్రేసెస్ కోసమే పాపను రెండో ప్లాన్‌లో చేర్చి ప్రీమియం కట్టాలనుకునేవారు ఈ ఒక్క నిబంధనను ముందు చూడాలి.

మధ్యలో పళ్లు తీయవలసి వస్తే

స్థలం చాలక నాలుగు పళ్లు తీయమని ఆర్థోడాంటిస్ట్ చెబితే, ఆ ఖర్చు సాధారణంగా వార్షిక పరిమితిలోంచి పోతుంది, జీవితకాల పరిమితిలోంచి కాదు. పాపకు ఆ సంవత్సరం ఫిల్లింగులకు ఇప్పటికే చాలా ఖర్చయి ఉంటే, డాక్టరు సరేనంటే రెండు పళ్లు డిసెంబరులో, రెండు జనవరిలో తీయించవచ్చు. మీ ప్లాన్ సంవత్సరం జనవరిలోనే మొదలవుతుందో లేదో, డిడక్టిబుల్ రెండుసార్లు పడుతుందో చూసుకోండి. పెద్దవారిలో రూట్ కెనాల్, క్రౌన్‌ను ఇలా రెండు సంవత్సరాలకు విడగొట్టేవారు ఉన్నారు. అక్కడ మాత్రం డాక్టరు చెప్పిన గడువు దాటించకండి. క్రౌన్ లేకుండా ఎక్కువ కాలం ఉంచిన రూట్ కెనాల్ పన్ను విరిగితే, మిగిల్చిన పరిమితి కంటే పోయేది ఎక్కువ.

మొదలయ్యాక నెలనెలా చూడవలసినది

ఇన్సూరెన్స్ ప్రతి చెల్లింపుకు ఈఓబీ అనే వివరణ పత్రం పంపుతుంది. మూడు నెలలకొకసారి వాటిని మీ 24 వరుసల కాగితంతో పోల్చండి, క్లినిక్‌ను లెడ్జర్ ప్రింటు అడిగి దానితో కూడా సరిచూడండి. మొదటి 500 వచ్చి, తరువాత మూడు నెలలు ఏమీ రాకపోతే, చాలాసార్లు కారణం క్లినిక్ D8670 క్లెయిమ్ పంపకపోవడమో, ఏడాది మొదట్లో మీ సభ్యత్వ నంబరు మారిన సంగతి వారికి తెలియకపోవడమో అయి ఉంటుంది. క్లెయిమ్ పంపడానికి గడువు ఉంటుంది, అది దాటాక సరిదిద్దడం కష్టం. అందుకే కొత్త కార్డు వచ్చిన వారంలోనే దాని రెండు వైపులా ఫోటో తీసి క్లినిక్‌కు పంపండి.

ఉద్యోగం మారితే

పై కుటుంబంలో తండ్రి పదో నెల చివర ఉద్యోగం మారాడనుకుందాం. అప్పటికి 500, పది నెలల 625 కలిపి 1,125 వచ్చాయి, 875 మిగిలింది. కొత్త కంపెనీ ప్లాన్‌ను అడగవలసిన ప్రశ్న ఒక్కటే: చికిత్స మధ్యలో ఉన్న పిల్లలకు ఇస్తారా? కొన్ని ప్లాన్లు, తమ దగ్గర చేరకముందే బ్రేసెస్ పెట్టి ఉంటే ఏమీ ఇవ్వవు. కొన్ని మిగిలిన 14 నెలలకు లెక్కగట్టి ఇస్తాయి, కాని పాత ప్లాన్ ఇచ్చిన 1,125ను తమ పరిమితిలోంచి తీసేస్తాయి, అప్పుడు 1,500 పరిమితి ఉన్న ప్లాన్ నుంచి 375కు మించి రాదు. మరికొన్ని పాత చెల్లింపును పట్టించుకోవు. ఈ లెక్క కోసం బ్రేసెస్ పెట్టిన తేదీ, మొత్తం ఫీజు, మిగిలిన నెలలు, పాత ప్లాన్ ఇచ్చిన మొత్తం అడుగుతారు. ఈ నాలుగూ రాసిన లేఖను పాత ప్లాన్ పోకముందే క్లినిక్ నుంచి తీసుకోండి.

కొత్త ప్లాన్ ఏమీ ఇవ్వకపోతే కోబ్రాను పరిశీలించండి. 20 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న కంపెనీలకు వర్తించే ఈ చట్టం ప్రకారం, ఉద్యోగం వదిలాక సాధారణంగా 18 నెలల వరకు పాత ప్లాన్‌ను సొంత ఖర్చుతో కొనసాగించవచ్చు. మెడికల్, డెంటల్ ప్లాన్లు విడివిడిగా ఉన్నచోట డెంటల్ ఒక్కటే తీసుకోవచ్చు. ఇంకా ముఖ్యంగా, కుటుంబంలో ప్రతి ఒక్కరికీ విడిగా ఎంచుకునే హక్కు ఉంది, కాబట్టి పాప ఒక్కదానికే తీసుకోవచ్చు. ఉదాహరణకు ఒక్కరి డెంటల్ ప్రీమియం నెలకు 38 డాలర్లు అయితే, 14 నెలలకు 532 కట్టి 875 రాబట్టుకున్నట్లు, పైగా పాప క్లీనింగులు కూడా అందులోనే జరిగిపోతాయి. మొత్తం కుటుంబానికి ప్రీమియం నెలకు 110 అయి ఉంటే మాత్రం ఈ పని నష్టమే. నిర్ణయానికి 60 రోజుల గడువు ఉంటుంది, ఎంచుకున్న తరువాత కవరేజీ పోయిన రోజు నుంచే వర్తిస్తుంది, కాబట్టి కొత్త ప్లాన్ జవాబు రాతపూర్వకంగా వచ్చేవరకు ఆగి తేల్చుకోవచ్చు.

వేరే రాష్ట్రానికి మారితే లెక్క మరింత మారుతుంది. మధ్యలో ఉన్న పేషెంటును తీసుకునే కొత్త ఆర్థోడాంటిస్ట్ తన ఫీజు తాను వేస్తారు, అది పాత క్లినిక్ తిరిగి ఇచ్చినదానికంటే ఎక్కువ కావచ్చు. ఇండియాలో చేయిస్తే చవక అని ఇంట్లో పెద్దవారు చెబుతారు, ఆ మాటా నిజమే. కాని బ్రేసెస్ ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి తీగ మార్పించుకోవలసిన చికిత్స. వేసవి సెలవుల్లో హైదరాబాదులోనో విజయవాడలోనో పెట్టించుకుని వస్తే, ఆ రెండేళ్లూ ఇక్కడ చూసేవారిని వెతుక్కోవాలి, ఇక్కడి ప్లాన్ దాన్ని తాను చేరకముందు మొదలైన చికిత్సలాగే చూసి తిరస్కరించవచ్చు. వేసవిలో ఇండియా వెళ్లేవారు బయలుదేరే వారంలో ఒక అపాయింట్‌మెంట్, తిరిగి వచ్చిన వారంలో ఒకటి ముందే పెట్టుకుంటే, చికిత్స గడువు పెరిగి అదనపు నెలలకు ఫీజు పడకుండా ఉంటుంది.